రిక్షా బండికి బ్యాంకు దరఖాస్తు

బెల్లంకొండలో మండల ఆఫీసుల దగ్గర కూర్చుని దరఖాస్తులు రాయడం నా పని. పులిచింతల ముంపు పరిహారం అర్జీల కాలం నుంచి ఇదే జీవనం. రేషన్ కార్డు, పింఛను, పాసుపుస్తకంలో పేరు తప్పు, కుల ధ్రువీకరణ లాంటివి చెయ్యి అలవాటు మీద రాసుకుపోవచ్చు. బ్యాంకు అప్పు కాగితానికి ఆ అలవాటు పనికిరాదు. పింఛను అర్జీలో మనిషి లేమి చెప్పాలి. అప్పు అర్జీలో ఆ మనిషి తిరిగి ఎలా కడతాడో చెప్పాలి. చాలామంది నా దగ్గరికొచ్చి ‘నేను కడు నిరుపేదను, తమరు దయతలచి’ అని మొదలుపెట్టమంటారు. నేను అలా రాయను. మేనేజరు ఇచ్చేది డిపాజిటుదారుల డబ్బు, దాన్ని దయ చూపించి ఇవ్వడానికి ఆయనకు అధికారం లేదు. నిరుపేద అన్న మాట చదివితే ఆయనకు వచ్చే అనుమానం ఒక్కటే, వాయిదా ఎక్కడి నుంచి కడతాడని.

మొన్న మిరప కోతలకు ముందు ఒకబ్బాయి వచ్చాడు. నలభై లోపు వయసు. మూడు చక్రాల రిక్షా బండి అద్దెకు తీసుకుని కూరగాయలు అమ్ముతున్నాడు. పొద్దున బెల్లంకొండలో మొదలుపెట్టి నాగిరెడ్డిపాలెం మీదుగా తిరిగి, సాయంత్రానికి మళ్లీ ఊళ్లోకొస్తాడు. సొంత బండికి అప్పు కావాలన్నాడు.

‘రోజుకు ఎంత మిగులుతుంది అబ్బాయ్?’ అన్నాను.

‘వెయ్యి రూపాయలు మిగులుతుంది మాస్టారూ. అట్టా రాయండి, తొందరగా ఇస్తారు.’

‘వెయ్యి మిగిలేవాడివి ఆర్నెల్లలో బండి కొనేసుకోవాలిగా, అప్పెందుకని అడిగితే ఏం చెప్తావు?’

అతను అబద్ధం చెప్పలేదు. సాయంత్రం సంచిలో మూడు వేలు పైన కనపడతాయి. మర్నాటి సరుకుకు రెండు వేలు పక్కన పెట్టి మిగతాది లాభం అనుకుంటున్నాడు. చిన్న వ్యాపారుల్లో ఎక్కువమంది లెక్క ఇలాగే ఉంటుంది. సరుకు రోజూ రెండు వేలకే రాదు, సంచిలో ఉన్నదంతా ఆ రోజు సరుకుదే కాదు, నిన్నటి అరువు వసూలు కూడా అందులో కలుస్తుంది. అందుకని లాభం ఎంతని ఇక అడగలేదు. ‘నిన్న ఏం పారేశావు, సాయంత్రం ఏం తెగనమ్మావు?’ అని అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఆదాయం అంచనా అంతా ఆ జవాబులోంచే వచ్చింది.

సత్తెనపల్లి నుంచి మామూలు రోజు 2,500 రూపాయల సరుకు తెస్తాడు. టమాటా, వంకాయ, బెండ, దోస, పచ్చిమిరప, ఆకుకూరలు అన్నీ కలిపి కిలో సగటున పాతిక పడితే, అది నూరు కిలోలు. అందులో 125 రూపాయల సరుకు కుళ్లో, నలిగో, వాడిపోయో పోతుంది. తోటకూర, గోంగూర పదింటికల్లా వడలుతాయి, టమాటా ట్రేలో అడుగు వరుస చితికి ఉంటుంది. ఇంకో 375 రూపాయల సరుకు సాయంత్రం కొన్న ధరకే వదిలించుకోవాలి. మిగిలిన 2,000 రూపాయల సరుకు మీదే నూటికి నలభై వేసుకుని 2,800కు అమ్ముతాడు. మొత్తం అమ్మకం 3,175. సరుకు ఖరీదు తీసేస్తే 675. సత్తెనపల్లి నుంచి ఆటోలో తన వంతు కిరాయి, హమాలీ, కవర్లు, టీ టిఫిను కలిపి 200 పోతే చేతికొచ్చేది 475. ఇందులోంచి ఇప్పుడు బండి అద్దె 60 కడుతున్నాడు.

వెయ్యి కాస్తా 475 అయ్యేసరికి అతని ముఖం చిన్నబోయింది. కానీ నాకు ఈ అంకె మీద నమ్మకం కుదిరింది. దాన్ని ఇంకోవైపు నుంచి కూడా చూశాను. నూరు కిలోలు అమ్మాలంటే ఎన్ని ఇళ్లు కావాలి? మనిషికి కిలో, కిలోన్నర లోపు కొంటారు. అంటే ఎనభై మంది. ఒక్కొక్కరు నలభై రూపాయల బేరం. ఏ బజారులో ఎంతమంది కొంటారో వరుసగా చెప్పమన్నాను. చెప్పుకుంటూ పోతే డెబ్బై అయిదు, ఎనభై మధ్య తేలింది. ఇలా ఇళ్ల లెక్కతో అమ్మకం లెక్క కలిస్తే అంచనా నిలబడ్డట్టు. కలవకపోతే రెంటిలో ఒకటి ఊహ. రోజుకు ఎనిమిది వేలు అమ్ముతానని రాయించుకోవాలనుకునే వాళ్లను కూడా ఇదే అడుగుతాను. ఆ లెక్కన రెండు వందల ఇళ్లు కావాలి, తొక్కే బండి మీద ఒక్క రోజులో అన్ని గుమ్మాల ముందు ఆగడం కుదరదు.

తర్వాత నెల లెక్క వేశాం. ముప్ఫై రోజులను 475తో గుణిస్తే 14,250 వస్తుంది. ఈ గుణకారం దగ్గరే చాలా దరఖాస్తులు పాడవుతాయి. ఆదివారం సగం ఇళ్లలో కోడో వేటో వండుకుంటారు, కూరగాయలు అంతగా పోవు. ముసురు పట్టిన రోజు బండి బయటికి తీసినా సరుకు తడిసి పాడవుతుంది. నెలకు 26 రోజులు బండి తిరుగుతుందనుకుంటే, మామూలు రోజులు 18, మందకొడి రోజులు 6, నష్టపోయే రోజులు 2 అని రాశాం. మామూలు రోజుకు 475 చొప్పున 8,550. మందకొడి రోజుకు 250 చొప్పున 1,500. నష్టం రోజుకు 200 చొప్పున 400 తీసెయ్యాలి. నెలకు 9,650. ఇంటికి 6,000 కావాలన్నాడు, భార్య కూలి డబ్బులు దానికి తోడు.

ఇంకా ఒక లెక్క ఉంది, అది మా పల్నాడు లెక్క. మిరప కోతల్లో కూలీల చేతుల్లో డబ్బు ఆడుతుంది, పొద్దున్నే చేనికి పోయేవాళ్లు గుమ్మం ముందుకొచ్చిన కూరే కొంటారు. కార్తీకంలో నీచు మానేస్తారు కాబట్టి అప్పుడు కూడా బేరం బాగుంటుంది. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా మాత్రం చేలల్లో పనుండదు, ఎండకు బండి పదకొండు దాటాక రోడ్డు మీద నిలవదు. ఆ నెలల్లో 20 రోజులే తిరిగితే, మామూలువి 10, మందకొడివి 8, నష్టానివి 2 అనుకుంటే 6,350 వస్తుంది. ఇంటి ఖర్చు పోను 350. వాయిదా అందులోంచి రాదు. చాలామంది ఈ సంగతి దాచమంటారు. దాన్ని దరఖాస్తులో రాసి తీరాలంటాను నేను. అప్పు మొండిబకాయి అయ్యేది ఎప్పుడూ ఈ తగ్గిన నెలల్లోనే. మేనేజరుకు అది తెలుసు. మనకూ తెలుసని, దానికి మనం ఏర్పాటు చేసుకున్నామని కాగితంలో కనపడాలి.

ఎంత అడగాలన్నది తర్వాతి మాట. ఇక్కడ వెల్డింగు షాపులో చేయిస్తే బండి పదిహేడు వేలకే అవుతుందన్నాడు. అయితే ఆ షాపువాళ్లు జీఎస్టీ బిల్లు ఇవ్వలేరు. బ్యాంకు బండి డబ్బును మన చేతికివ్వదు, అమ్మేవాడి ఖాతాకే పంపిస్తుంది. కాబట్టి ముందు కొటేషను, తర్వాత బిల్లు ఇచ్చే షాపు కావాలి. అలాంటి షాపులో 21,000 అన్నారు. నాలుగు వేలు ఎక్కువైనా కాగితం నడవాలంటే అదే దారి. కొటేషను తెచ్చుకునేటప్పుడు ఇరుసు మందం, చువ్వల లావు, బ్రేకు రాయించుకోమన్నాను. కొండ పక్క రోడ్డు కాబట్టి నూరు కిలోల బరువుతో దిగువకు వచ్చేటప్పుడు బ్రేకే ప్రాణం. తోపుడు బండి చవకే గాని, అది ఒకచోట నిలబెట్టి అమ్మేవాళ్లకు. ఊరూరూ తిరిగేవాడికి తొక్కే బండే కావాలి.

బండి కాక చేతిలో తిరిగే పెట్టుబడి కూడా అడగాలి. దీన్ని మర్చిపోయి బండి ఒక్కటే కొనుక్కున్నవాళ్లు వారం తిరక్కుండానే డైలీ ఫైనాన్సు దగ్గరికి పోతారు. ఈ అబ్బాయి ఇప్పటికే అక్కడున్నాడు. పది వేల చీటీ అని 8,500 చేతికిచ్చారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. 1,500 వడ్డీయే కదా అనుకున్నాడు. కానీ రోజూ అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి, సగటున అతని చేతిలో ఉండేది అందులో సగమే. ఆ లెక్కన నెలకు నూటికి పది రూపాయల వడ్డీ దాటింది. బ్యాంకు వడ్డీ నూటికి ఏడాదికి పదకొండు అనుకున్నా, ఇక్కడ ఒక్క నెలలో కట్టేది అక్కడ ఇంచుమించు ఏడాదిలో కడతాడు.

పెట్టుబడి ఎంతో ఇలా తేల్చాం. ఒక రోజు సరుకుకు 2,500. అరువు కింద ఊళ్లో ఎప్పుడూ నిలిచి ఉండే డబ్బు 2,000. కూలి డబ్బులు వారానికోసారి ఇచ్చే చోట అరువు లేకుండా కూరగాయలు అమ్మలేం, దాన్ని లెక్కలో పెట్టుకోవాలి. వానాకాలం మొదట్లో టమాటా ధర ఒక్కసారిగా లేస్తే అదే నూరు కిలోలు తేవడానికి ఇంకో 2,000 చేతిలో ఉండాలి. మొత్తం 6,500. కాటా, ట్రేలు, ఎండకు పైన కట్టే పట్టా తన డబ్బుతో కొంటానన్నాడు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలని చెప్పాను.

ఏ పథకం కింద అడగాలన్నదాంట్లో చాలామంది పొరబడతారు. 2020 జూన్‌లో కేంద్రం తెచ్చిన పీఎం స్వనిధి గురించి అందరూ వినే ఉన్నారు. అది పట్టణాల వీధి వ్యాపారుల కోసం పుట్టింది, చుట్టుపక్కల పల్లెలవాళ్లు పట్టణ హద్దుల్లోకి వెళ్లి అమ్మితే వాళ్లకూ వర్తిస్తుంది. బెల్లంకొండ పంచాయతీలో తిరిగే బండికి అది ఆధారం కాదు. 2020 నవంబరులో రాష్ట్రం మొదలుపెట్టిన జగనన్న తోడు పల్లెల్లో చిరువ్యాపారులకూ అందింది. బ్యాంకు 10,000 ఇచ్చేది, సకాలంలో కడితే వడ్డీ ప్రభుత్వం భరించేది. ఈ అబ్బాయి అది తీసుకుని తప్పకుండా కట్టేశాడు. ఆ డబ్బుతో బండి రాదు గాని, కట్టిన చరిత్ర మాత్రం సిబిల్‌లో మిగిలింది. దాన్ని అతను చెప్పనే లేదు, పాత పాసుపుస్తకం తిరగేస్తే నాకు కనపడింది. అందుకని ముద్రా యోజనలో శిశు రుణం కింద అడిగాం. 2015 నుంచి ఉన్న పథకం, శిశు అంటే 50,000 లోపు. దీనికి తాకట్టు అడగకూడదు.

అతని ఫోన్‌పే డబ్బులు పడే ఖాతా కూడా చూశాను. రోజుకు ఎనిమిది, పది వందలు చిన్న చిన్న మొత్తాలుగా పడుతున్నాయి. ఇరవై, నలభై, ముప్ఫై అయిదు. అమ్మకంలో మూడో వంతుకు ఇది సాక్ష్యం. ఆర్నెల్ల స్టేట్‌మెంటు తీయించి దరఖాస్తుకు జతచేయించాను. నేను రాసిన అంకెల కంటే ఆ ముప్ఫై అయిదు రూపాయల వరుసలకే బ్యాంకులో విలువ ఎక్కువ.

పేరు, ఖాతా నంబరు తీసేసి ఆ దరఖాస్తు ఇక్కడ ఇస్తున్నాను.

బెల్లంకొండ,
పల్నాడు జిల్లా.

బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: కూరగాయల అమ్మకానికి మూడు చక్రాల రిక్షా బండి కొనుగోలు, చేతి పెట్టుబడి కోసం ముద్రా శిశు పథకం కింద 27,500 రూపాయల రుణం గురించి.

అయ్యా,

నేను మీ బ్రాంచిలో ఖాతాదారుణ్ణి. మూడేళ్లుగా బెల్లంకొండ, నాగిరెడ్డిపాలెం గ్రామాల్లో అద్దె బండి మీద కూరగాయలు అమ్ముతున్నాను. అద్దె రోజుకు 60 రూపాయలు, నెలకు 26 రోజులకు 1,560 అవుతోంది. సొంత బండి కొనుక్కుంటే ఈ అద్దె డబ్బే వాయిదాగా కట్టగలను.

కావలసిన మొత్తం: బండి 21,000 (కొటేషను జతచేశాను), చేతి పెట్టుబడి 6,500. కాటా, ట్రేలు, పట్టా కోసం 5,500 నా సొంత డబ్బు పెట్టుకుంటున్నాను. కోరుతున్న రుణం 27,500.

మామూలు రోజు లెక్క: సరుకు కొనుగోలు 2,500. అమ్మకం 3,175. పాడైన సరుకు, కొన్న ధరకే అమ్మిన సరుకు లెక్కలోకి తీసుకునే ఇది చూపించాను. రవాణా, ఇతర ఖర్చులు 200. మిగులు 475.

నెల లెక్క: మామూలు రోజులు, మందకొడి రోజులు, నష్టం వచ్చే రోజులు కలిపి 26 రోజులకు 9,650. ఇంటి ఖర్చు 6,000. మిగులు 3,650.

రుణం 24 నెలల్లో తీర్చడానికి అనుమతి కోరుతున్నాను. వడ్డీ 11 శాతం అయితే వాయిదా సుమారు 1,282 రూపాయలు. మే, జూన్ నెలల్లో నా ఆదాయం 6,350 వరకు తగ్గుతుంది, ఆ రెండు నెలల్లో వాయిదాకు 1,864 రూపాయలు తక్కువ పడవచ్చు. అందుకోసం మార్చి నెలాఖరుకు నా పొదుపు ఖాతాలో 2,000 రూపాయలు నిల్వ ఉంచుతాను.

నాకు ప్రైవేటు రోజువారీ చీటీ బాకీ 2,400 రూపాయలు ఉంది. అది 24 రోజుల్లో తీరిపోతుంది. గతంలో జగనన్న తోడు కింద తీసుకున్న 10,000 రూపాయలు పూర్తిగా చెల్లించాను. నా భార్య డ్వాక్రా సంఘ సభ్యురాలు, సంఘం అప్పులో ఆమె వాటా వాయిదా ఆమె కూలి నుంచి కడుతోంది.

ఆధార్, పాన్, రేషన్ కార్డు నకళ్లు, ఖాతా స్టేట్‌మెంటు, బండి కొటేషను, ఉద్యమ్ నమోదు పత్రం, ఫొటోలు జతచేశాను. మీరు ఏ రోజు వచ్చినా ఉదయం ఏడు నుంచి పది వరకు నా బండి బెల్లంకొండ బజారులో ఉంటుంది.

ఇట్లు,
దరఖాస్తుదారు సంతకం

చీటీ బాకీ రాయడానికి అతను ఒప్పుకోలేదు. ‘అది సిబిల్‌లో కనపడదుగా మాస్టారూ’ అన్నాడు. కనపడదు, నిజమే. కానీ బండి దగ్గరికి విచారణకు వచ్చిన రోజే చీటీ వసూలు కుర్రాడు వస్తే, మిగతా అంకెలన్నీ అబద్ధంలా కనిపిస్తాయి. పైగా ఎన్ని రోజుల్లో తీరిపోతుందో పక్కనే రాస్తే ఆ బాకీ పెద్ద అడ్డంకి కాదు.

అద్దె సంగతి మొదటి పేరాలో పెట్టడం నా పద్ధతి. 1,560 అద్దె ఇప్పటికే ప్రతి నెలా కడుతున్నవాడికి 1,282 వాయిదా కొత్త భారం కాదు. మిగిలే 278 టైర్లకు, ట్యూబులకు, బాల్ రేసులకు సరిపోతుంది. అమ్మకం పెరుగుతుందని ఎక్కడా రాయలేదు. ఉన్న వ్యాపారం ఉన్నట్టే నడిచినా అప్పు తీరుతుందని చూపించాం, అంతకంటే గట్టి మాట ఇలాంటి దరఖాస్తులో ఇంకోటి ఉండదని నా నమ్మకం.

మేనేజరు పిలిపించినప్పుడు నన్ను కూడా రమ్మంటే వెళ్లలేదు. పక్కన రాసినవాడు కూర్చుంటే మనిషి నోరు తెరవడు, లెక్క అతనిది కాదేమో అనిపిస్తుంది. దానికి బదులు ముందురోజు కూర్చోబెట్టి ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అతనిచేతే చెప్పించాను. లోపల అడిగినవి ఎక్కువ లేవట. ఈ రోజు టమాటా ట్రే ఎంత పెట్టి తెచ్చావు, నిన్న ఏం మిగిలింది, అరువు ఎవరెవరు ఉన్నారు. రెండు వేల అరువు అని కాగితంలో చూసి, నోటుబుక్కు తెమ్మన్నారట. అతని దగ్గర బుక్కు లేదు, అన్నీ నోటి లెక్కలే. పేర్లు, మొత్తాలు గడగడా చెప్పేశాడు, కూడితే పద్దెనిమిది వందలు దాటింది. తర్వాత ఫీల్డాఫీసరు ఒక పొద్దున బజారుకొచ్చి బండి దగ్గర కాసేపు నిలబడి వెళ్లాడు.

అప్పు మంజూరైంది గాని, అడిగినట్టే రాలేదు. బండి 21,000 షాపు ఖాతాకు పంపి, చేతి పెట్టుబడి 5,000 మాత్రం ఇచ్చారు. 1,500 తగ్గినందుకు అబ్బాయి బాధపడ్డాడు. నాకు అది కోతలా అనిపించలేదు, ధర లేచే రోజుల కోసం అడిగిన డబ్బును అవసరం వచ్చినప్పుడు చూద్దామన్నారు. వాయిదా తేదీ మాత్రం మార్పించుకోమన్నాను. నెల మొదట్లో అయితే పాల బాకీ, ఇంటద్దె, సంఘం కిస్తీ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. పదిహేనో తేదీకి మార్చారు.

కాగితం పని అయిపోయాక నేను చెప్పిన మాట ఒక్కటే. ఆదివారం సాయంత్రం మూడు కూడు: చేతిలో నగదు, ఊళ్లో అరువు, బండి మీద సరుకు. ఈ మూడూ కలిపి 5,000 ఉండాలి. 4,500 అయితే ఆ వారం అయిదు వందలు పెట్టుబడిలోంచి తిన్నట్టు. రెండు వారాలు వరసగా తగ్గితే అరువు పెరిగిందో, ఇంటి ఖర్చు పెరిగిందో, కొన్న ధర చూడకుండా అమ్ముతున్నాడో వెతకాలి. ఆ లెక్క లేకపోతే డబ్బు పోతున్నట్టు వాయిదా తప్పిన రోజు గాని తెలియదు. ఒక పండగ ఖర్చు, ఒక జ్వరం చాలు, పెట్టుబడి కరిగి మళ్లీ వంద రోజుల చీటీ దగ్గరికి పోవడానికి. బండి సొంతదైనా సరుకు కొనే డబ్బు చీటీది అయితే, అద్దె పోయిన చోట వడ్డీ వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు ఆదివారం అతని కూతురు ఆ మూడు అంకెలు నోటుబుక్కులో రాస్తోంది. ఆరో తరగతి పిల్ల. అరువు పేర్లు కూడా అందులోకే ఎక్కాయి. బ్యాంకువాళ్లు తెమ్మన్న బుక్కు అదే. వచ్చే ఏడాది ఆ తగ్గిన 1,500 అడగాలనుకుంటే, దరఖాస్తుకు జతచేయడానికి అంతకంటే మంచి కాగితం ఉండదని చెప్పాను.